కాలేజీ ఫెస్ట్‌కి స్పాన్సర్ ప్రపోజల్: జనాన్ని లెక్కగట్టి, పేరు కనబడే చోటు చూపించి రాయడం ఎలా

ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో కల్చరల్ ఫెస్ట్ కోసం ఒక బైక్ షోరూమ్‌కి వెళ్లాం. మా ప్రపోజల్ మొదటి పేజీలో "10,000 మంది ప్రేక్షకులు" అని పెద్ద అక్షరాలతో ఉంది. ఓనర్‌గారు కళ్లజోడు సర్దుకుని చదివి, "మీ కాలేజీలో ఎంతమంది చదువుతున్నారు నాన్నా?" అని అడిగారు. రెండు వేల నాలుగొందలు సార్ అన్నాం. "మరి మిగతా ఏడు వేల ఆరొందల మంది ఎక్కణ్ణుంచి వస్తారు?" అన్నారు. మా దగ్గర జవాబు లేదు. ఆయన టీ తాగించి పంపించేశారు.

చదువయ్యాక నాలుగేళ్లు ఒక టూవీలర్ డీలర్ దగ్గర మార్కెటింగ్ చూశాను. ఫెస్ట్‌ల సీజన్‌లో వారానికి మూడు నాలుగు ప్రపోజళ్లు నా టేబుల్ మీదికి వచ్చేవి. అన్నింటిలోనూ కాలేజీ చరిత్ర రెండు పేజీలు, ప్రిన్సిపాల్ సందేశం ఒక పేజీ ఉండేవి, ఆ తర్వాత ప్లాటినం, గోల్డ్, సిల్వర్ అని ఒక పట్టిక. ఎంతమంది వస్తారు, వాళ్లెవరు, మా పేరు వాళ్లకి ఎక్కడ ఎంతసేపు కనబడుతుంది అన్న మూడు ప్రశ్నలకి మాత్రం జవాబుండేది కాదు. డబ్బిచ్చేవాడు కొనేది ఆ మూడింటినే. అందుకే ప్రపోజల్‌ని డిజైన్‌తో కాకుండా లెక్కతో మొదలుపెట్టమంటాను.

విషయం అర్థమవడానికి ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా నడుద్దాం. గోదావరి జిల్లాల్లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఉందనుకోండి. 2,400 మంది విద్యార్థులు. ఫిబ్రవరి రెండో వారంలో రెండు రోజుల ఫెస్ట్. మనం అడగబోయేది పక్క ఊళ్లో ఉన్న బైక్ షోరూమ్‌ని. అంకెలు ఊహించినవే, లెక్కగట్టే పద్ధతి మాత్రం అసలైనది.

ముందు జనాన్ని లెక్కపెట్టండి

కాలేజీ స్ట్రెంగ్త్ వేరు, ఫెస్ట్‌కి వచ్చే జనం వేరు. ఫైనలియర్‌లో సగం మంది ఇంటర్న్‌షిప్‌లలో ఉంటారు, సెలవు దొరికిందని ఊరెళ్లిపోయేవాళ్లు కొందరు. కాబట్టి 2,400 అనేది పైకప్పు, అంతే. నిజమైన అంకె గేటు దగ్గరే దొరుకుతుంది. పోయినేడు ఫెస్ట్‌లో గేటు దగ్గర ఇద్దరు వలంటీర్లని కౌంటర్ నొక్కుతూ కూర్చోబెట్టి ఉంటే మీ పని సగం అయిపోయినట్టే.

మన ఉదాహరణలో మొదటి రోజు 1,650 మంది, రెండో రోజు 1,850 మంది లోపలికి వచ్చారు. రెండూ కలిపి 3,500 అని రాసేయాలనిపిస్తుంది. రాయకూడదు. రెండు రోజులూ వచ్చినవాణ్ణి రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. దీన్ని సరిచేయడం తేలికే. రెండో రోజు గేటు దగ్గర ప్రతి పదో మనిషినీ "నిన్న వచ్చారా?" అని అడగాలి. 185 మందిని అడిగితే 140 మంది వచ్చామన్నారనుకోండి. అంటే సుమారు 1,400 మంది రెండు రోజులూ వచ్చినవాళ్లు. 1,650, 1,850 కలిపి అందులోంచి 1,400 తీసేస్తే 2,100. అదీ మీ అసలు అంకె, వేర్వేరు మనుషులు 2,100 మంది. ప్రపోజల్‌లో రెండూ రాయండి: వేర్వేరు మనుషులు 2,100, రెండు రోజుల మొత్తం ప్రవేశాలు 3,500. వ్యాపారం చేసేవాళ్లకి ఈ తేడా ఒక్క చూపులో అర్థమవుతుంది, మీరు లెక్క దాచలేదన్న నమ్మకమూ కుదురుతుంది.

పోయినేడు ఎవరూ లెక్కపెట్టకపోతే? అప్పుడు ఆనవాళ్ల మీద ఆధారపడాలి. సాయంత్రం ప్రోగ్రామ్‌కి టెంట్‌హౌస్ వాళ్లు ఎన్ని కుర్చీలు వేశారో బిల్లులో ఉంటుంది. స్టేజీ మీదనుంచి జనాన్ని తీసిన ఫొటో ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది. దాన్ని గళ్లుగా విభజించి, రెండు మూడు గళ్లలో తలలు లెక్కపెట్టి సగటు కడితే నిలబడ్డవాళ్ల లెక్క కూడా సుమారుగా తేలుతుంది. బయటి కాలేజీల నుంచి పోటీలకి వచ్చినవాళ్ల సంఖ్య రిజిస్ట్రేషన్ జాబితాలో, ఇచ్చిన సర్టిఫికెట్లలో దొరుకుతుంది. ఇలా వచ్చినదాన్ని ఒకే అంకెగా కాకుండా "1,500 నుంచి 1,800" అని రాసి, ఎలా కట్టారో కింద ఒక్క వాక్యంలో చెప్పండి. పద్ధతి చెప్పిన 1,500, ఆధారం లేని 10,000 కంటే ఎక్కువ డబ్బు తెస్తుంది. నేను టేబుల్‌కి అవతల కూర్చుని చూశాను కాబట్టి గట్టిగా చెప్పగలుగుతున్నాను.

ఇంకొక అంకె విడిగా కావాలి. ఒకే సమయంలో ఒకే చోట ఎక్కువలో ఎక్కువ ఎంతమంది ఉన్నారన్నది. మన ఉదాహరణలో రెండో రోజు రాత్రి ఏడున్నరకి ఓపెన్ స్టేజీ ముందు 1,400 మంది. స్టేజీ మీద పేరు పెట్టుకునే స్పాన్సర్‌కి పనికొచ్చేది ఇదే.

వచ్చినవాళ్లు ఎవరో స్పాన్సర్ కళ్లతో చూడండి

చాలా ప్రపోజళ్లలో "18–22 ఏళ్ల యువత" అని రాసి వదిలేస్తారు. ఆ మాట ఏ కాలేజీకైనా సరిపోతుంది. ఒకే ప్రపోజల్‌ని బైక్ షోరూమ్‌కీ, బిర్యానీ హోటల్‌కీ, ఫారిన్ కన్సల్టెన్సీకీ పంపితే ముగ్గురికీ పనికిరాదు. జనం లెక్క ఉన్న పేజీ అందరికీ ఒకటే ఉండొచ్చు. మొదట పెట్టే ఉత్తరం, వచ్చినవాళ్లెవరో చెప్పే ఈ పేజీ మాత్రం ఎవరివి వాళ్లకి విడిగా రాయాలి.

బైక్ షోరూమ్‌కి ఏం కావాలి? ఎవరు బండి మీద వస్తున్నారు, ఎవరు కాలేజీ బస్సులో వస్తున్నారు, ఎవరు కొనాలనుకుంటున్నారు. ఒక మామూలు పనిరోజు ఉదయం పదకొండింటికి పార్కింగ్ షెడ్‌లోకి వెళ్లి బళ్లు లెక్కపెట్టండి. 310 ఉన్నాయనుకోండి. బస్సుల్లో వచ్చేవాళ్ల సంఖ్య ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో అడిగితే చెబుతారు, 1,100 అనుకుందాం. హాస్టల్లో 700 మంది. ఈ మూడు అంకెలు చూసిన షోరూమ్ మేనేజర్ కుర్చీలో ముందుకి వంగుతాడు. ఎందుకంటే ఆ 1,100 మందిలో అతనికి కొనబోయేవాళ్లు కనిపిస్తారు.

దాంతోపాటు క్లాస్ గ్రూపుల్లో ఒక చిన్న గూగుల్ ఫామ్ పెట్టి, "ఈ ఏడాదిలో మీకోసం గానీ ఇంట్లోవాళ్లకోసం గానీ బండి కొనే ఆలోచన ఉందా?" అని అడగండి. 420 మంది జవాబిస్తే 63 మంది ఉందన్నారనుకోండి. రాసేటప్పుడు అంతే రాయండి: 420 మందిలో 63 మంది. దాన్ని పదిహేను శాతంగా మార్చి 2,100తో గుణించి 315 మంది కొనుగోలుదారులని రాయకండి. ఫామ్ నింపినవాళ్లు బళ్ల మీద ఆసక్తి ఉండి నింపినవాళ్లు కావచ్చు, మిగతావాళ్లు అలా ఉంటారని చెప్పలేం.

ఇక్కడే ఒక జాగ్రత్త. కొన్ని కన్సల్టెన్సీలు, కోచింగ్ సంస్థలు "స్టాల్ సంగతి తర్వాత, ముందు ఫైనలియర్ పిల్లల ఫోన్ నంబర్లు ఇవ్వండి, డబ్బిస్తాం" అంటాయి. ఇవ్వకూడదు. వాళ్ల సమ్మతి లేకుండా ఆ నంబర్లు మరొకరికి ఇచ్చే హక్కు మీకు లేదు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మూలసూత్రమూ సమ్మతే. బదులుగా స్టాల్ దగ్గర క్యూఆర్ కోడ్ పెట్టుకోమనండి, ఇష్టమైనవాళ్లే వివరాలు నింపుతారు. ప్రపోజల్‌లోనే ఈ మాట రాసేస్తే తర్వాత గొడవ ఉండదు.

పేరు ఎక్కడ కనబడుతుందో అడుగుల్లో, నిమిషాల్లో చెప్పండి

"మీ లోగో స్టేజీ బ్యాక్‌డ్రాప్ మీద వేస్తాం" అన్న హామీ చాలా మోసపూరితమైనది, మీరు కావాలని మోసం చేయకపోయినా. మా ఫెస్ట్‌లో ఒక ఏడాది ఇరవై అడుగుల బ్యాక్‌డ్రాప్ మీద పద్నాలుగు లోగోలు వేశాం. మధ్యలో ఫెస్ట్ పేరు, కింద వరసగా లోగోలు, ఒక్కోటి అడుగు వెడల్పు. డాన్స్ ట్రూప్ స్టేజీ ఎక్కగానే వాళ్ల నడుముల వెనక్కి అన్నీ వెళ్లిపోయాయి. ఒక స్పాన్సర్‌గారు చివరి వరసలో నిలబడి పది నిమిషాలు తన పేరు వెతుక్కున్నారు. మర్నాడు ఆయన మాకేమీ అనలేదు గానీ, ఆ తర్వాతి ఏడాది మా ఫోన్ ఎత్తలేదు.

బోర్డులు రాసేవాళ్లకి ఒక మోటు లెక్క ఉంది. పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం ఉంటే హాయిగా చదవొచ్చు. మీ చివరి వరస స్టేజీకి 120 అడుగుల దూరంలో ఉంటే అక్షరం ఎత్తు పన్నెండు అంగుళాలు ఉండాలి. ఈ సైజులో ఇరవై అడుగుల బ్యాక్‌డ్రాప్ మీద ఒకటి రెండు పేర్లకి మించి పట్టవు. కాబట్టి బ్యాక్‌డ్రాప్‌ని ప్రధాన స్పాన్సర్ ఒక్కరికే ఇవ్వండి, పేరుని ఫెస్ట్ టైటిల్‌కి పైన పెట్టండి, మనుషుల తలలు తగలని ఎత్తులో. ఇదే విషయాన్ని ప్రపోజల్‌లో "స్టేజీ మట్టానికి ఎనిమిది అడుగుల పైన, పన్నెండంగుళాల అక్షరాల్లో" అని రాయండి. ఇలా రాసిన ప్రపోజల్ నేను నాలుగేళ్లలో ఒక్కటే చూశాను. దానికి మా డీలర్‌గారు బేరమాడకుండా ఒప్పుకున్నారు.

మిగతావాళ్లకి ఎల్ఈడీ వాల్ ఉంది. ఐటమ్‌కీ ఐటమ్‌కీ మధ్య స్టేజీ ఖాళీగా ఉండే సమయంలో జనం చూపు వాల్ మీదే ఉంటుంది. సాయంత్రం 28 ఐటమ్‌లు ఉంటే, ప్రతి ఐటమ్ తర్వాత పది సెకన్ల స్లైడ్ వేసినా 28 సార్లు, కలిపి నాలుగున్నర నిమిషాల పైన. ఈ లెక్క ప్రపోజల్‌లో ఉండాలి. స్లైడ్ ఒక్కోసారి ఒక్క స్పాన్సర్‌దే ఉండాలి, ఆరుగుర్ని ఒకే స్లైడ్‌లో ఇరికిస్తే మళ్లీ బ్యాక్‌డ్రాప్ కథే. యాంకర్ చెప్పే మాట కూడా ముందే రాసివ్వండి, లేకపోతే హడావిడిలో "మా స్పాన్సర్స్ అందరికీ థ్యాంక్స్" అని తేల్చేస్తారు.

ఎంట్రన్స్ ఆర్చ్ దగ్గర లెక్క వేరు. అందరూ దాని కిందనుంచే వెళ్తారు, కానీ ఆగరు. స్టాల్ దగ్గర తక్కువమంది ఆగుతారు, కానీ మాట్లాడతారు. షోరూమ్‌కి నిజంగా పనికొచ్చేది స్టాలే. పది అడుగులు పది అడుగుల జాగా, కరెంటు పాయింటు, రెండు బళ్లు నిలబెట్టే చోటు. గేటు పక్కన ఇస్తే అందరూ దాటిపోతారు. ఫుడ్ స్టాళ్లకీ గ్రౌండ్‌కీ మధ్య దారిలో ఇవ్వండి, ఐస్‌క్రీమ్ చేతిలో పట్టుకుని బండి ఎక్కి కూర్చుంటారు. కాగితం మీద చేత్తో గీసినదైనా ఫర్వాలేదు, గ్రౌండ్ మ్యాప్ ఒకటి జతచేసి స్టాల్ చోటుని చుట్టి చూపించండి. టెస్ట్ రైడ్ మాత్రం రాసే ముందు కాలేజీ అనుమతి తీసుకోండి. లైసెన్సు చూడకుండా, హెల్మెట్ లేకుండా ఎవరికీ తాళం ఇవ్వరాదన్న షరతు కూడా అక్కడే ఉండాలి.

సోషల్ మీడియా విషయంలో ఫాలోయర్ల సంఖ్య రాయకండి. ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రొఫెషనల్ అకౌంట్ పెట్టుకుంటే Insights కనబడుతుంది. అందులో Accounts reached అంకెని స్క్రీన్‌షాట్ తీసి తేదీతో సహా పెట్టండి. అంతకుమించి దాని గురించి రాయక్కర్లేదు.

ధర ఎలా నిర్ణయించాలి

మీ బడ్జెట్‌లో ఎంత తక్కువ పడిందో దాన్ని స్పాన్సర్లకి పంచడం ధర కట్టడం కాదు. మీ ఖర్చు ఆయనకి అనవసరం. అదే డబ్బుతో ఆయన ఇంకేం చేయగలడో అది ఆలోచించండి.

మన షోరూమ్‌ని 60,000 రూపాయలు అడగాలనుకున్నాం. 2,100 మందితో భాగిస్తే మనిషికి దాదాపు 29 రూపాయలు. పేపర్లో పెట్టి పంచే కరపత్రం ఇంతకంటే చాలా చవక. కాబట్టి కేవలం పేరు కనబడటం మీద 60,000 నిలబడదని మనకే తెలుస్తోంది. ఇక స్టాల్ వైపు చూద్దాం. రెండు రోజుల్లో పేరు, నంబరు ఇచ్చి ఎంక్వైరీ చేసినవాళ్లు 80 మంది అయితే ఒక్కో ఎంక్వైరీ 750 రూపాయలు పడుతుంది. షోరూమ్‌వాళ్లకి తమ దగ్గర ఎంక్వైరీ ఎంత పడుతుందో, పదింటిలో ఎన్ని బండ్లవుతాయో తెలుసు. ఆ లెక్కని వాళ్లే వేసుకుంటారు. 80 మందిని తెస్తామని హామీ ఇవ్వకండి. "80 ఎంక్వైరీలైతే ఇంత, 40 అయితే ఇంత" అని రెండూ చూపించండి. 40 అయితే 1,500 పడుతుంది. అప్పుడు ఆయన "నలభై వేలకి చేద్దాం" అంటే అది అవమానం కాదు, లెక్క ప్రకారం వచ్చిన బేరం.

ప్యాకేజీలు మూడు చాలు: స్టేజీతో సహా ప్రధాన స్పాన్సర్, స్టాల్‌తో పాటు ఎల్ఈడీ, వట్టి స్టాల్. ఒక రంగానికి ఒక్కరే అన్న నియమం పెట్టుకుని రాసేయండి. ఒక బైక్ షోరూమ్ ఒప్పుకున్నాక రెండోదాన్ని తీసుకోకండి. ఆ ఒక్క వాక్యానికి విలువ చాలా ఎక్కువ, నేను డీలర్ దగ్గర ఉన్నప్పుడు మొదట వెతికేది దాన్నే. డబ్బు కాకుండా వస్తువు ఇచ్చేవాళ్లని కూడా ఇదే లెక్కలో కలపండి. జడ్జిలకి భోజనం పెట్టే హోటల్, అద్దె తగ్గించే సౌండ్‌వాళ్లు. వాళ్లిచ్చినదానికి బజారు ధర కట్టి, ఆ విలువకి సరిపడే ప్యాకేజీ ఇవ్వండి.

రాసే కాగితం

ఆరు పేజీలకి మించొద్దు. మొదటి పేజీ ఉత్తరం, ఒక్క స్పాన్సర్‌ని ఉద్దేశించి. అందులో సగం పేజీ ఇలా ఉంటే సరిపోతుంది:

> గౌరవనీయులైన మేనేజర్ గారికి,
> ఫిబ్రవరిలో మా కాలేజీలో రెండు రోజుల కల్చరల్ ఫెస్ట్ జరుగుతుంది. పోయినేడు గేటు లెక్క ప్రకారం 2,100 మంది వచ్చారు. మా విద్యార్థుల్లో 1,100 మంది రోజూ బస్సులో వస్తారు. అడిగిన 420 మందిలో 63 మంది ఈ ఏడాది బండి కొనే ఆలోచన ఉందన్నారు. మీ షోరూమ్‌కి ఫుడ్ కోర్టు దారిలో స్టాల్, రెండు బళ్ల ప్రదర్శన, రెండో రోజు సాయంత్రం 28 ఎల్ఈడీ స్లైడ్లు ఇవ్వగలం. టూవీలర్ రంగంలో మరెవ్వరినీ తీసుకోం. ఇందుకు 60,000 రూపాయలు కోరుతున్నాం. వివరాలు, లెక్క కట్టిన పద్ధతి లోపల ఉన్నాయి.

లోకల్ ఓనర్లకి తెలుగులోనే ఇవ్వండి. కంపెనీ ఏరియా ఆఫీసుకి వెళ్లేదైతే ఇంగ్లీషు ప్రతి కూడా జతచేయండి. రెండో పేజీలో జనం లెక్క, మూడులో ఆ స్పాన్సర్‌కి సంబంధించిన వివరాలు, నాలుగులో గ్రౌండ్ మ్యాప్, పేరు కనబడే చోట్లు, అయిదులో ప్యాకేజీలు. చివరి పేజీలో ప్రిన్సిపాల్ సంతకంతో కాలేజీ లెటర్‌హెడ్ మీద అనుమతి పత్రం, కాలేజీ అకౌంట్ వివరాలు. ఏ విద్యార్థి ఫోన్‌పే నంబరూ అందులో ఉండకూడదు. అది చూడగానే పక్కన పెట్టేసిన ఫైళ్లు నాకు గుర్తున్నాయి. స్పాన్సర్‌షిప్‌కి జీఎస్టీ రేటు 18 శాతం. మీ కాలేజీకి అది ఎలా వర్తిస్తుందో అకౌంట్స్ సెక్షన్‌లో అడిగి, 60,000లో పన్ను కలిసి ఉందో లేదో స్పష్టంగా రాయండి. కంపెనీలు టీడీఎస్ కోసుకుని ఇస్తే చేతికి వచ్చేది ఆ మేరకు తగ్గుతుంది, బడ్జెట్‌లో అది చూసుకోండి. సిగరెట్, గుట్కా, పొగాకు బ్రాండ్ల జోలికి అసలు వెళ్లొద్దు. వాటి ప్రకటనలని, స్పాన్సర్‌షిప్‌ని 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం నిషేధించింది.

ఎప్పుడు వెళ్లాలి, తర్వాత ఏం ఇవ్వాలి

ఫిబ్రవరి ఫెస్ట్‌కి జనవరి చివర్లో వెళ్తే ఆలస్యం. డీలర్ తన జేబులోంచి ఇచ్చే సొమ్ములో కొంత కంపెనీనుంచి తిరిగి రాబట్టుకుంటాడు, దానికి ముందస్తు అనుమతి కావాలి, అందుకు వారాలు పడుతుంది. డిసెంబర్ మొదట్లోనే ఒకసారి కలిసి కాగితం ఇవ్వండి. ధనుర్మాసంలో మా వైపు కొత్త బళ్లు కొనేవాళ్లు తగ్గుతారు, షోరూమ్‌లో మాట్లాడటానికి తీరిక దొరుకుతుంది. అప్పుడు రెండోసారి వెళ్లండి. శనివారం, ఆదివారం వెళ్లకండి, డెలివరీల హడావిడి ఉంటుంది.

ఒప్పుకున్న తర్వాత సగం అడ్వాన్సు తీసుకోండి, మిగతా సగం ఫెస్ట్ ముందురోజుకి. ఫెస్ట్ అయ్యాక వసూలు చేద్దామనుకున్న డబ్బు కోసం మేం ఏప్రిల్ దాకా తిరిగాం.

ఫెస్ట్ జరుగుతున్నంతసేపూ ఒక్క వలంటీర్‌కి ఒకే పని అప్పజెప్పండి: ప్రతి స్పాన్సర్‌కీ ఇచ్చిన మాట ప్రకారం జరిగిందో లేదో ఫొటో తీయడం. తేదీ, స్థలం పడే జీపీఎస్ కెమెరా యాప్‌తో తీయాలి. స్టాల్ ఖాళీగా ఉన్నప్పుడు కాదు, జనం ఉన్నప్పుడు. బ్యాక్‌డ్రాప్‌ని చివరి వరసలోంచి తీయాలి, పేరు చదవగలుగుతున్నారని తెలిసేలా. కంపెనీనుంచి డబ్బు రాబట్టుకోవడానికి డీలర్‌కి ఈ ఫొటోలే ఆధారం, మీ రసీదు ఎంత ముఖ్యమో ఇవీ అంతే.

వారంలోపు రెండు పేజీల రిపోర్టు పట్టుకుని మళ్లీ షోరూమ్‌కి వెళ్లండి. గేటు లెక్క, స్టాల్‌కి వచ్చినవాళ్లు, ఎంక్వైరీలు, వేసిన స్లైడ్లు, ఫొటోలు. మాట ఇచ్చి చేయలేకపోయినది ఏదైనా ఉంటే అది కూడా రాయండి. వాన పడి గంటసేపు ఎల్ఈడీ ఆపేశాం, 28కి బదులు 19 స్లైడ్లే పడ్డాయి, బదులుగా రెండు రోజులు ఇన్‌స్టాలో పోస్టు పెట్టాం అని. ఆ రిపోర్టు ఒక ప్రతి కాలేజీలో మీ జూనియర్లకి ఇచ్చి వెళ్లండి. వచ్చే ఏడాది వాళ్ల ప్రపోజల్‌లో రెండో పేజీ అదే అవుతుంది.